కళ్లజోడుకు పది, కాంటాక్ట్ లెన్స్‌కు తొమ్మిది

మైనస్ 10 పవర్ కళ్లజోడు వాడే అమ్మాయి ఒకరు మొదటిసారి కాంటాక్ట్ లెన్స్‌లు కొనుక్కుందనుకుందాం. ఇంటికొచ్చి పెట్టె తిప్పి చూస్తే దాని మీద -9.00 అని ఉంటుంది. పర్సులో ఉన్న కళ్లజోడు చీటీ తీసి చూస్తే అందులో -10.00 అని ఉంటుంది. వెంటనే షాపుకు ఫోన్ చేస్తుంది. "అన్నా, నా సైటు పది కదా, తొమ్మిదిది ఇచ్చారేంటి?" అని అడుగుతుంది. "అదే కరెక్టమ్మా, కంటి మీద పెట్టేదానికి పవర్ తగ్గుతుంది" అని అవతలి నుంచి జవాబొస్తుంది. జవాబు సరైనదే. కానీ ఎందుకు తగ్గుతుందో కూర్చోబెట్టి చెప్పే తీరిక సాయంత్రంపూట షాపులో ఎవరికీ ఉండదు. దాంతో చాలామంది అనుమానంతోనే లెన్స్‌లు వాడతారు. కొందరు ఆ పెట్టె తిరిగిచ్చేసి, ఆన్‌లైన్‌లో చీటీలో ఉన్న అంకెనే కొట్టి -10.00 తెప్పించుకుంటారు. వాళ్లకు అసలు ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

ఈ తేడా అంతా కళ్లజోడుకూ కంటికీ మధ్య ఉన్న ఖాళీ వల్ల వస్తుంది. అద్దం లోపలివైపు ఉపరితలం నుంచి కంటి ముందున్న పారదర్శక పొర, అంటే కార్నియా వరకూ ఉండే ఈ దూరాన్ని వర్టెక్స్ డిస్టెన్స్ అంటారు. మామూలుగా 12 నుంచి 14 మిల్లీమీటర్లు ఉంటుంది. కాంటాక్ట్ లెన్స్ కార్నియాకు అంటుకునే కూర్చుంటుంది కాబట్టి దానికి ఈ దూరం సున్నా. అద్దం 12 మిల్లీమీటర్లు వెనక్కి జరిగినట్టే లెక్క. అలా జరిగినప్పుడు అదే కంటికి అదే చూపు రావాలంటే అద్దం పవర్ మారక తప్పదు.

ఎంత మారాలో తెలియాలంటే ముందు పవర్ అనే అంకె దేన్ని చెబుతోందో చూడాలి. మైనస్ సైటున్నవాళ్లు దీన్ని ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. కళ్లజోడు తీసేసి, ఒక కన్ను మూసి, రెండో కంటికి దగ్గరగా చిన్న అక్షరాలున్న కాగితం పట్టుకుని, మెల్లగా దూరం జరుపుతూ పోవాలి. ఒకచోటికి వచ్చేసరికి అక్షరాలు మసకబారడం మొదలవుతుంది. స్పష్టంగా కనిపించే చివరి చోటే ఆ కంటికి ఉన్న హద్దు. సైటు ఎంత ఎక్కువైతే ఆ హద్దు కంటికి అంత దగ్గరగా ఉంటుంది. మైనస్ 2 వాళ్లకు అర మీటరు దాకా బాగానే కనిపిస్తుంది. మైనస్ 10 కళ్లజోడు పెట్టుకునేవాళ్లకు హద్దు దాదాపు 11 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. వాళ్లు జోడు తీసేస్తే ఫోన్‌ను ముక్కుకు ఆనించినట్టు పట్టుకునేది అందుకే.

దూరంగా ఉన్న బోర్డును, చెట్టును, మనిషి ముఖాన్ని ఈ హద్దు దగ్గరే ఉన్నట్టు కంటికి చూపించడం మైనస్ అద్దం చేసే పని. 1000ని పవర్‌తో భాగిస్తే, అద్దం నుంచి ఆ చోటు ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో తెలుస్తుంది. మైనస్ 10 అద్దమైతే 1000ని పదితో భాగించాలి, వచ్చేది 100. అంటే కళ్లజోడు అద్దానికి 100 మిల్లీమీటర్ల ముందు ఆ హద్దు ఉంది. అద్దమేమో కంటికి 12 మిల్లీమీటర్ల ముందు ఉంది. కాబట్టి కంటి నుంచి హద్దు వరకూ 112 మిల్లీమీటర్లు.

ఇప్పుడు అద్దాన్ని ముక్కు మీద నుంచి తీసి కంటి మీదే పెట్టారు. కన్ను మారలేదు, హద్దూ మారలేదు. అద్దం మాత్రం హద్దుకు 100 మిల్లీమీటర్ల దూరంలో ఉండేది ఇప్పుడు 112 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. 1000ని 112తో భాగిస్తే 8.93 వస్తుంది. అమ్మాయి కంటికి నిజంగా కావలసిన కాంటాక్ట్ లెన్స్ పవర్ అదే. కంపెనీలు 8.93 అని తయారు చేయవు. ఎక్కువ కంపెనీల మెత్తటి లెన్స్‌లు మైనస్ 6 వరకూ పావు పావు తేడాతో, ఆ పైన అర అర తేడాతో వస్తాయి. అందులో అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది -9.00. పెట్టె మీద ఉన్న అంకె అదే.

దీన్నే పుస్తకాల్లో ఒక సూత్రంగా రాస్తారు:

```
Fc = F / (1 − d × F)
```

ఇందులో F కళ్లజోడు పవర్, d మీటర్లలో రాసిన దూరం, Fc కంటి మీద కావలసిన పవర్. మైనస్ 10ని, 0.012ని ఇందులో వేస్తే వచ్చేది కూడా మైనస్ 8.93. సూత్రం గుర్తుండకపోయినా నష్టం లేదు. 1000ని పవర్‌తో భాగించు, మైనస్ అయితే 12 కలుపు, ప్లస్ అయితే 12 తీసెయ్యి, వచ్చినదానితో మళ్లీ 1000ని భాగించు. కాగితం, పెన్సిలు ఉంటే చాలు.

ప్లస్‌కు తీసెయ్యడం ఎందుకంటే, అక్కడ వ్యవహారం తలకిందులు. ప్లస్ అద్దం వెలుగును తన వెనక ఒకచోటికి చేరుస్తుంది. ఎండలో భూతద్దం పట్టుకుని కాగితం కాల్చిన పిల్లలందరికీ ఆ చోటు తెలుసు. చుక్క చిన్నగా, మిలమిలా మెరిసేలా పడాలంటే అద్దం కాగితానికి సరిగ్గా ఇంత దూరంలో ఉండాలి. ఆ దూరం తగ్గించి అద్దాన్ని కాగితం దగ్గరికి తెస్తే చుక్క పెద్దదై చెదిరిపోతుంది. అంత దగ్గర నుంచి కూడా మళ్లీ చిన్న చుక్కే పడాలంటే ఇంకా బలమైన భూతద్దం కావాలి. కళ్లజోడు నుంచి కాంటాక్ట్ లెన్స్‌కు మారినప్పుడు ప్లస్ పవర్ వాళ్లకు జరిగేది ఇదే. ప్లస్ 10 జోడు వాడేవాళ్లకు 100లోంచి 12 పోతే 88, దాంతో 1000ని భాగిస్తే 11.36. మైనస్ వాళ్లకు పవర్ తగ్గితే, ప్లస్ వాళ్లకు అది పెరుగుతుంది.

తెలుగు ఇళ్లలో ఈ సంగతిని కళ్లారా చూసినవాళ్లు చాలామందే ఉంటారు. కంట్లో కృత్రిమ లెన్స్ పెట్టడం మామూలు కాకముందు, శుక్లం ఆపరేషన్ అంటే కంట్లోని లెన్స్‌ను తీసేయడమే. దాని స్థానంలో ఇంకేమీ పెట్టేవాళ్లు కాదు. ఆ లోటు తీర్చడానికి ప్లస్ 10 చుట్టుపక్కల పవరున్న సోడాబుడ్డి కళ్లద్దాలు ఇచ్చేవారు. లెన్స్ తీసేసిన కంటికి దూరం, దగ్గర సర్దుకునే శక్తి ఉండదు. అయినా తాతలు, అమ్మమ్మలు జోడును ముక్కు కొస దాకా జార్చుకుని ఎదురుగా బల్ల మీద ఉన్న వస్తువుల్ని పోల్చుకునేవాళ్లు. అదేదో వాళ్ల అలవాటని ఇంట్లోవాళ్లు అనుకునేవాళ్లు. కానీ దాని వెనక ఉన్నది ఈ లెక్కే. ప్లస్ 10 అద్దం 12 మిల్లీమీటర్ల దగ్గరున్నప్పుడు కంటి దగ్గర దాని బలం 11.36. ముక్కు మీద మరో 10 మిల్లీమీటర్లు కిందికి జారితే అది 12.82 అవుతుంది. దాదాపు ఒకటిన్నర పవర్ అదనంగా చేరింది. చేయి చాపినంత దూరంలో ఉన్న వస్తువులు తేటపడటానికి అది సరిపోతుంది. పవర్ తెలియకపోయినా, దూరంతో పవర్ మారుతుందని ఆ పెద్దల చేతికి తెలుసు.

మరి అందరికీ ఈ లెక్క అవసరమా? అక్కర్లేదు. మైనస్ 2 వాడేవాళ్లకు లెక్క కడితే 1.95 వస్తుంది. అంత తేడాను కన్ను పట్టించుకోదు, లెన్స్‌లు అలా దొరకవు కూడా. మైనస్ 4 అయితే 3.82, అంటే తేడా 0.18. లెన్స్‌లు పావు మెట్లతో వస్తాయి కాబట్టి ఇక్కడి నుంచి -4.00 తీసుకోవాలా, -3.75 తీసుకోవాలా అన్న ప్రశ్న పుడుతుంది. ప్లస్ గానీ మైనస్ గానీ నాలుగు దాటితే మార్చి రాయాలని ఆప్టోమెట్రీ విద్యార్థులకు నేర్పేది ఇందుకే. ఆ పైన తేడా చాలా వేగంగా పెరుగుతుంది. పవర్ రెట్టింపైతే తేడా సుమారు నాలుగు రెట్లవుతుంది. మైనస్ 5 దగ్గర అది పావుకు కొంచెం ఎక్కువ, మైనస్ 10 దగ్గర ఒకటి దాటింది, మైనస్ 20 దగ్గర నాలుగుకు చేరువైపోతుంది. మైనస్ 20 జోడు వాడేవారికి కంటి మీద కావలసింది మైనస్ 16 మాత్రమే.

ఆన్‌లైన్‌లో -10.00 తెప్పించుకున్నవాళ్ల సంగతికి వద్దాం. ఇందులో చిక్కేమిటంటే, పొరపాటు వెంటనే బయటపడదు. 20 ఏళ్ల కంటి లోపలి లెన్స్‌కు సర్దుకునే శక్తి దండిగా ఉంటుంది. ఒక పవర్ ఎక్కువ మైనస్ పెట్టినా ఆ లెన్స్ తానే ఉబ్బి దాన్ని కొట్టేస్తుంది. దూరం బోర్డులు చక్కగా కనిపిస్తాయి. అక్షరాలు కొంచెం నల్లగా, చురుగ్గా కూడా కనిపించి "కళ్లజోడు కన్నా ఇదే బాగుంది" అనిపిస్తుంది. కానీ ఆ కన్ను దూరం చూసేటప్పుడు కూడా విశ్రాంతిగా లేదు, పొద్దస్తమానం కండరం బిగబట్టే ఉంది. సాయంత్రానికి కనుబొమల మీద నొప్పి, కంప్యూటర్ ముందు కాసేపు కూర్చుంటే అలసట, పుస్తకం మీద నుంచి తలెత్తి దూరం చూస్తే ఒక్క క్షణం మసక మొదలవుతాయి. చాలామంది దీన్ని లెన్స్ పడలేదని అనుకుని వాడటం మానేస్తారు. లెన్స్ పడకపోవడం వేరు, పవర్ తప్పడం వేరు. నలభై దాటినవాళ్లలోనైతే ఈ తప్పు త్వరగానే దొరికిపోతుంది. సర్దుకునే శక్తి అప్పటికే తగ్గి ఉంటుంది కాబట్టి దూరం కనిపించినా ఫోన్‌లో మెసేజ్ చదవడం కష్టమైపోతుంది.

దీన్ని పట్టుకునే పరీక్ష చాలా సులువు. లెన్స్‌లు కంట్లో పెట్టి పావుగంటో, అరగంటో కుదురుకోనిచ్చాక, ఆప్టోమెట్రిస్టు ట్రయల్ ఫ్రేమ్ తగిలించి అందులో బలహీనమైన ప్లస్ అద్దాలు ఒక్కొక్కటిగా వేస్తారు. పవర్ సరిగ్గా ఉన్న కంటికి ప్లస్ 1 వేస్తే దూరం చార్టులో కింది వరుసలు మసకబారిపోవాలి. "మసకగా ఉందామ్మా?" అని అడిగితే "లేదు సార్, ఇదే హాయిగా ఉంది" అని జవాబొస్తే, ఒంటి మీద ఒక పవర్ మైనస్ అదనంగా మోస్తున్నారని అర్థం. ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద అక్షరాలుండే చార్టు కూడా ఇదే సంగతి చెబుతుంది. మైనస్ ఎక్కువైతే ఆకుపచ్చలోని అక్షరాలు ఎక్కువ స్పష్టంగా కనిపిస్తాయి. కాంటాక్ట్ లెన్స్ మీద మళ్లీ అద్దాలు వేసి చూసే ఈ పనిని ఓవర్ రిఫ్రాక్షన్ అంటారు. కాగితం మీద ఎంత చక్కగా లెక్క కట్టినా ఆఖరి మాట దీనిదే.

ప్లస్ పవర్ వాళ్లలో తప్పు వేరేగా కనిపిస్తుంది. ప్లస్ 12 జోడు వాడేవాళ్లకు కంటి మీద 14 కావాలి. చీటీలో ఉందని 12 పెడితే రెండు పవర్ల లోటు ఉంటుంది. కంట్లో లెన్స్ లేనివాళ్లయితే సర్దుకోవడానికి లోపల ఏమీ ఉండదు కాబట్టి చూపు మసకగానే మిగిలిపోతుంది.

పుట్టుకతోనే శుక్లం ఉన్న పసిపిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. నెలల వయసులో ఆపరేషన్ చేసి కంటి లెన్స్ తీసేసిన బిడ్డకు చాలాసార్లు కృత్రిమ లెన్స్ వెంటనే పెట్టరు. కన్ను ఇంకా పెరగాలి. అప్పటిదాకా కళ్లజోడో, కాంటాక్ట్ లెన్సో ఇస్తారు. ఆ పవర్లు చాలా పెద్దవి. బిడ్డకు జోడులో ప్లస్ 20 సరిపోయిందనుకుంటే, 1000ని 20తో భాగించి 50, అందులోంచి 12 తీసేస్తే 38, దాంతో 1000ని భాగిస్తే 26.3. తేడా ఆరు పవర్లకు పైనే! ఈ స్థాయిలో ఒక్క మిల్లీమీటరు కొలత తప్పినా అర పవర్ దాటి తేడా వస్తుంది. మసకగా ఉందని బిడ్డ చెప్పలేదు. మసకలోనే పెరిగిన కంటితో చూడటం మెదడు సరిగ్గా నేర్చుకోదు. ఆ లోటు తర్వాత పూడ్చడం కష్టం. అందుకే పిల్లల కంటి డాక్టర్లు రెటినోస్కోప్‌తో కంట్లోకి వెలుగు వేసి, తిరిగొచ్చే మెరుపు కదలికను బట్టి లెన్స్ పైనుంచి పవర్ మళ్లీ చూసుకుంటారు.

సిలిండర్ ఉన్నవాళ్ల లెక్కలో ఇంకో మెలిక ఉంది. అనుభవం లేని చేతుల్లో ఎక్కువగా తప్పేది ఇక్కడే కాబట్టి ఒక చీటీని పూర్తిగా చూద్దాం. కళ్లజోడు పవర్ మైనస్ 8, సిలిండర్ మైనస్ 2, యాక్సిస్ 180. దూరం 12 మిల్లీమీటర్లే. చాలామంది ఎనిమిదిని మార్చి, రెండు చిన్న అంకే కదా అని దాన్ని అలాగే వదిలేస్తారు. కానీ సిలిండర్ ఒంటరిగా ఉండే పవర్ కాదు. ఈ అద్దం అడ్డంగా చూస్తే మైనస్ 8, నిలువుగా చూస్తే ఎనిమిదీ రెండూ కలిసి మైనస్ 10. ఈ రెండింటినీ విడివిడిగా మార్చాలి. మైనస్ 8కి 125కు 12 కలిపి 137, దాంతో 1000ని భాగిస్తే 7.30. మైనస్ 10కి ముందు చూసినట్టే 8.93. రెండింటి మధ్య తేడా 1.63. కంటి మీద కావలసిన సిలిండర్ అదీ, రెండు కాదు.

సిలిండర్ ఉన్న మెత్తటి లెన్స్‌లు సాధారణంగా 0.75, 1.25, 1.75, 2.25 మెట్లలో దొరుకుతాయి. మైనస్ 6 దాటాక అసలు పవర్ కూడా అర మెట్లలోనే వస్తుంది. అంటే 7.30కీ, 1.63కీ సరిగ్గా సరిపోయే లెన్స్ ఉండదు. చేతిలో ఉన్నవి రెండు దారులు. మైనస్ 7.50 మీద సిలిండర్ 1.25 ఇవ్వడం ఒకటి, మైనస్ 7 మీద 1.75 ఇవ్వడం రెండోది. మొదటిది మొత్తం పవర్‌కు దగ్గరగా ఉంటుంది, రెండోది సిలిండర్‌కు దగ్గరగా ఉంటుంది. ఏది హాయిగా ఉందో రెండూ పెట్టి చూస్తే తప్ప తెలియదు. మంచి ఫిట్టర్ ట్రయల్ లెన్స్‌లు తెరిచి రెండూ చూపిస్తారు. అలా చూపించనిచోట పెద్ద పవర్ సిలిండర్ లెన్స్ కొనకపోవడమే మేలు.

ఇంతసేపూ 12 అన్న అంకెనే పట్టుకున్నాం. అది అందరికీ ఒకటే కాదు. లోతు కళ్లవాళ్లకు అద్దం ఇంకా దూరంగా ఉంటుంది, ముక్కు దూలం ఎత్తు తక్కువున్నవాళ్లకు దగ్గరగా వస్తుంది. పొడవాటి కనురెప్పల వెంట్రుకలు అద్దానికి తగులుతున్నాయని ఫ్రేమ్ కొంచెం ముందుకు జరిపించుకునేవాళ్లూ ఉన్నారు. అందుకే కొలవాలి. పరీక్ష చేసేటప్పుడు పెట్టే గుండ్రటి ట్రయల్ ఫ్రేమ్‌కు పక్కన చిన్న స్కేలు ఉంటుంది. పక్క నుంచి చూస్తే కార్నియా ముందు అంచు ఏ గీత దగ్గరుందో కనిపిస్తుంది. ఇంకా కచ్చితంగా కావాలంటే డిస్టోమీటర్ అనే చిన్న పరికరం ఉంది. కన్ను మూసుకోమని, దాని ఒక కొసను రెప్ప మీద మెల్లగా ఆనించి, రెండో కొసను అద్దం వెనక భాగానికి తాకిస్తే ఎన్ని మిల్లీమీటర్లో చూపిస్తుంది. రెప్ప మందాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ట్రయల్ ఫ్రేమ్‌లో అద్దాలు వేసే అరలు వరుసగా ఉంటాయి. పెద్ద పవర్ అద్దాన్ని కంటికి దగ్గరి వెనక అరలోనే వెయ్యాలి. ముందు అరలో వేస్తే అక్కడే కొన్ని మిల్లీమీటర్లు తప్పిపోతాయి.

కంప్యూటర్ కంటి పరీక్ష చీటీ ఇంట్లో ఉంటే ఒకసారి తీసి చూడండి. పవర్ అంకెల పైనో, కిందో సన్నటి అక్షరాల్లో `VD` అని, పక్కన 12.00 అనో, ఇంకో అంకెనో ఉంటుంది. ఈ పవర్లు అద్దం కంటికి ఇంత దూరంలో ఉందనుకుని ఇచ్చినవి అని యంత్రం చెబుతోందన్నమాట. చాలామంది కళ్లు అక్కడిదాకా వెళ్లవు.

కాంటాక్ట్ లెన్స్ జోలికి వెళ్లనివాళ్లకు కూడా ఈ అంకెతో పని పడుతుంది. మైనస్ 12 పవర్ ఉన్న మనిషి పాత ఫ్రేమ్ అద్దాలు కంటికి 12 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నాయి. ఫ్యాషన్ మారిందని కొన్న కొత్త ఫ్రేమ్ 16 మిల్లీమీటర్ల దగ్గర కూర్చుంది. పవర్ అదే, అద్దాలూ సరిగ్గానే చేశారు. అయినా బస్సు బోర్డు మసకగా ఉంది. లెక్క వేస్తే కొత్త ఫ్రేమ్‌లో ఆయనకు మైనస్ 12.6 కావాలి. అర పవర్‌కు పైగా లోటు. షాపువాళ్లు లెన్సోమీటర్‌లో పెట్టి "పవర్ కరెక్టే ఉంది సార్" అంటారు, ఆయనేమో కనిపించడం లేదంటారు. ఇద్దరి మాటా నిజమే. ముక్కు మీద ప్యాడ్‌లు వంచి ఫ్రేమ్‌ను కంటికి దగ్గర చేస్తే చాలాసార్లు చిక్కు విడిపోతుంది. మైనస్ జోడు ముక్కు మీద జారితే చూపు తగ్గడానికీ, వేలితో పైకి నెడితే తేటపడటానికీ కారణం ఇదే.

పవర్ సరిగ్గా మార్చి ఇచ్చినా కాంటాక్ట్ లెన్స్‌లో చూపు అచ్చం కళ్లజోడులా ఉండదు. బలమైన మైనస్ అద్దం దూరంగా ఉన్నకొద్దీ వస్తువుల్ని చిన్నవిగా చూపిస్తుంది. మైనస్ 10 జోడు తీసి లెన్స్‌లు పెట్టుకుంటే మనుషులు, అక్షరాలు దాదాపు 12 శాతం పెద్దగా కనిపిస్తాయి. మొదటి రోజు మెట్లు దిగేటప్పుడు కొంచెం జాగ్రత్తగా ఉండమని చెప్పేది అందుకే. ఇది సంతోషించే మార్పు.

ఇంకో మార్పు మాత్రం నలభైల్లో ఉన్నవాళ్లను ఇబ్బంది పెడుతుంది. మైనస్ 10 కళ్లజోడుతో 40 సెంటీమీటర్ల దూరంలో పుస్తకం చదవడానికి కన్ను సుమారు 1.9 పవర్ల మేర సర్దుకుంటే చాలు. అదే కంటికి, సరిగ్గా మార్చిన కాంటాక్ట్ లెన్స్‌తో అదే పుస్తకం చదవాలంటే 2.4 సర్దుకోవాలి. అర పవర్ అదనపు శ్రమ. దీంతో జోడులో హాయిగా పేపరు చదివే 42 ఏళ్ల మనిషికి లెన్స్‌లు పెట్టుకోగానే చత్వారం వచ్చిపడినట్టుంటుంది. లెన్స్ తప్పు కాదు, కన్ను పాడవలేదు. బలమైన మైనస్ జోడు అంతకాలం చత్వారాన్ని కొంత దాచిపెట్టింది. ఈ సంగతి ముందే చెప్పకపోతే మనిషి భయపడతాడు. ప్లస్ పవర్ వాళ్లకు ఇది కూడా తిరగబడుతుంది, లెన్స్‌లతో వాళ్లకు దగ్గరి పని కొంత సులువవుతుంది.

ఈ రంగం పుట్టుకలోనే పెద్ద పవర్ వ్యథ ఉంది. 1889లో జర్మనీలోని కీల్ విశ్వవిద్యాలయంలో అగస్ట్ ముల్లర్ అనే వైద్య విద్యార్థి గాజును అరగదీయించి తన కళ్ల మీదే పెట్టుకుని చూశాడు, దాని మీదే పరిశోధన వ్యాసం రాశాడు. అతని సైటు దాదాపు మైనస్ 14. ఆ గాజు లెన్స్‌ను అరగంటకు మించి భరించలేకపోయాడు. అతని మైనస్ 14ను 12 మిల్లీమీటర్ల దూరంలో పెట్టుకునే కళ్లజోడు పవర్ అనుకుని ఇవాళ్టి లెక్క కడితే, కంటి మీద సరిపోయేది సరిగ్గా మైనస్ 12.

కాంటాక్ట్ లెన్స్ తీసుకునేవాళ్లు రెండు పనులు చేస్తే ఈ చిక్కులు చాలావరకూ దగ్గరికి రావు. కళ్లజోడు చీటీ, కాంటాక్ట్ లెన్స్ చీటీ విడివిడిగా రాయించుకోండి. ఆన్‌లైన్‌లో కొన్నా, షాపులో కొన్నా లెన్స్ చీటీలోని అంకెనే వాడండి. తిరిగి జోడు చేయించుకునేటప్పుడు లెన్స్ పెట్టె మీది అంకెను చూపించకండి, అప్పుడు లెక్క ఇటు నుంచి అటు తప్పుతుంది. పవర్ నాలుగు దాటి ఉంటే లెన్స్‌లు కంట్లో ఉండగా పైనుంచి ప్లస్ అద్దాలు వేసి చూడమని మీరే అడగండి. ఆ పరీక్షకు ఐదు నిమిషాలు కూడా పట్టదు.